ఫ్రేమ్ పైన దిగిన బూమ్ మైక్‌ని తీసేయడం: పొందూరు షాట్, 9 సెకన్లు

నాగావళి_కెమెరా
పొందూరులో ఒక ఇంట్లో తీసిన షార్ట్ ఫిల్మ్ షాట్. పాత పెంకుటిల్లు, సున్నం కొట్టిన గోడ, పైన అడ్డంగా దూలం. అవ్వ రాట్నం ముందు కూర్చుని మాట్లాడుతుంది, 22వ సెకనులో లేచి 25కల్లా ఫ్రేమ్ దాటి వెళ్లిపోతుంది. కెమెరా ట్రైపాడ్ మీద ఉంది, కదల్లేదు. 3840×2160, సెకనుకి 25 ఫ్రేములు. ఫైనల్ మాత్రం 1920×1080. ఎడిటింగ్ డావిన్సీ రిసాల్వ్ ఉచిత వెర్షన్‌లో.

14వ సెకను నుంచి 23 దాకా బూమ్ మైక్ ఫ్రేమ్ పైనుంచి దిగింది. బాగా దిగినచోట పైనుంచి 210 లైన్ల దాకా ఉంది. బూడిద రంగు ఫోమ్ మూతి, దూలానికి అడ్డంగా. మాట అంత బాగా మళ్లీ రాదు కాబట్టి ఈ టేకే వాడాలి. మూడు స్టిల్స్ పెడుతున్నాను. ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

చిన్నోడు_రాజాం
బూమ్ తీసెయ్యడమా? అదేటుంది బాబూ. ఆ ట్రాక్ మ్యూట్ చేసీసి కాలర్ మైక్ ట్రాక్ ఉంచుకో. కాలర్ మైక్ లేకపోతే ఈక్వలైజర్‌లో 80 హెర్ట్జ్ కింద కోసీసి చూడు, పెంకుటింట్లో గుంయ్‌మనేది కొంచెం తగ్గుద్ది.

నాగావళి_కెమెరా
శబ్దం గురించి కాదన్నా, బొమ్మలో మైక్ కనబడిపోతోంది. సౌండ్ బ్రహ్మాండంగా ఉంది.

చిన్నోడు_రాజాం
ఓహో, స్టిల్స్ ఇప్పుడు తెరిచాను. అలగైతే నాకు తెలీదు, నేనూ చూస్తాను.

కట్టింగ్_టేబుల్
దీనికి ఇంత ఆలోచన అక్కర్లేదు. సోర్స్ ఫైనల్‌కి రెట్టింపు సైజు ఉంది కదా, జూమ్ చేసి మైక్‌ని బయటికి తోసేయండి. 2160లోంచి 210 తీసేస్తే 1950 మిగుల్తుంది. 2160ని 1950తో భాగిస్తే 1.108. ఇన్‌స్పెక్టర్‌లో Zoom 1.11 పెట్టి బొమ్మని పైకి జరపండి. కింది అంచు కింది అంచుకే తగిలి ఉంటుంది కాబట్టి రాట్నం ఎక్కడికీ పోదు. పక్కల ఒక్కోవైపు 5 శాతం పోతుంది, అంతే. 1080కి వెళ్లేటప్పుడు క్వాలిటీ ఏమీ తగ్గదు.

అది నచ్చకపోతే మైక్ లేని ఒక ఫ్రేమ్‌ని ఫ్రీజ్ చేసి పై భాగం వరకు అతికించండి. రెండు నిమిషాల పని.

కామేశ్వరి_విజయనగరం
జూమ్ లెక్క సరిగ్గానే ఉంది. కూర్చున్నంత సేపూ పనికొస్తుంది కూడా. కానీ మూడో స్టిల్ చూడండి, అవ్వ లేచి నిలబడ్డప్పుడు తల పైనుంచి 150వ లైన్ దగ్గరికి వచ్చింది. 210 లైన్లు కోసేస్తే ఆవిడ నుదురు పైభాగం పోతుంది. పోనీ 14 నుంచి 22 వరకే జూమ్ చేద్దామంటే రెండుచోట్లా బొమ్మ ఎగిరినట్టుంటుంది. ఆవిడ లేవకపోయుంటే నేనూ జూమే చెప్పేదాన్ని.

ఫ్రీజ్ ఫ్రేమ్ మాత్రం వద్దు. ఇంట్లో వెలుతురు తక్కువ, ఐఎస్ఓ పెంచి తీసుంటారు. గోడ మీద సన్నగా గ్రెయిన్ కదులుతూ ఉంటుంది. ఫ్రీజ్ పెట్టినచోట అది ఆగిపోతుంది. ఫోన్‌లో తెలియదు. పెద్ద తెర మీద ఆ తొమ్మిది సెకన్లూ దూలం దగ్గర ఫొటో అంటించినట్టు ఉంటుంది. అతికేది కూడా కదిలే బొమ్మే కావాలి, అదే టేక్‌లో మైక్ లేని చోటినుంచే తీసుకోవాలి. గ్రెయిన్, రంగు, కంప్రెషన్ అన్నీ వాటంతటవే కలుస్తాయి.

నాగావళి తమ్ముడూ, మూడు సంగతులు చెప్పు. మైక్ లేని ముక్క ఎంత పొడవుంది? ఫోకస్ మారిందా? రెండో స్టిల్‌లో గోడ మీద కుడివైపు మెత్తటి నీడ ఒకటుంది, మొదటి స్టిల్‌లో లేదు. అది మైక్ నీడే అని నా అనుమానం. చూశావా?

నాగావళి_కెమెరా
అక్కా, నీడ సంగతి నేను గమనించనేలేదు. మీరు చెప్పాక నడిపి చూస్తే మైక్‌తోపాటే ఊగుతోంది. పైన ఒక అద్దం పెంకు ఉంది, దాన్లోంచి ఎండ పడుతోంది. 18వ సెకను దగ్గర మబ్బు పట్టి గది మొత్తం కొంచెం మసకబారింది, అప్పట్నుంచి నీడ లేదు. ఆ మసకబారడానికి సుమారు ఒక సెకను పట్టింది.

మైక్ లేని ముక్క మొదట్లో ఉంది, 2 నుంచి 12 దాకా పది సెకన్లు. ఫోకస్ మారింది: మొదట చేతుల మీద, 13వ సెకనులో మొహానికి తెచ్చాం.

కట్టింగ్_టేబుల్
పది సెకన్లుంటే ఇంకేం, తొమ్మిది సెకన్లకి సరిపోయింది. ఆ ముక్కనే పై ట్రాక్‌లో 14 మీద పెట్టి, పై 15 శాతం మాత్రం ఉంచి, అంచు మెత్తగా చేసేయండి.

కామేశ్వరి_విజయనగరం
నిడివి సరిపోయింది. వెలుతురు సరిపోదు, కొలత కూడా కొంచెం తేడా రావచ్చు. మైక్ లేని ముక్క ఎండలో ఉంది, 18 తర్వాత గది మబ్బులో ఉంది. ఫోకస్ మార్చినప్పుడు చాలా లెన్సుల్లో బొమ్మ కొద్దిగా పెద్దదో చిన్నదో అవుతుంది.

ముందు దాన్ని తేల్చుకో. టైమ్‌లైన్ 3840×2160లోనే ఉంచు. 2 నుంచి 12 ముక్కని V2లో 14 మీద పెట్టి, మాస్క్ ఏమీ లేకుండా Composite Mode ని Difference చెయ్యి. రెండు బొమ్మలూ కలిసినచోట నల్లగా అవుతుంది. అవ్వ కదిలింది కాబట్టి ఆవిడ మెరుస్తుంది, దాన్ని వదిలెయ్. దూలం అంచులు, గోడ మీద పటాల అంచులు చూడు. అంతటా ఒకే మందాన సన్నటి గీత కనబడితే కెమెరా జరిగినట్టు, Position తో సరిదిద్దాలి. నడిమధ్య నల్లగా ఉండి పక్కలకి వెళ్లేకొద్దీ గీత లావవుతుంటే కొలత మారినట్టు, Zoom తో సరిదిద్దాలి.

ఇంకో మాట. టైమ్‌లైన్‌లో కత్తిరించిన క్లిప్ మాత్రమే చూసి 2 నుంచి 12 అంటున్నావేమో. అసలు ఫైల్ తెరిచి "యాక్షన్" ముందు, "కట్" తర్వాత ఏముందో చూడు. మబ్బు పట్టాక, ఫోకస్ మొహం మీదే ఉండగా, అవ్వ వెళ్లిపోయాక దొరికే ఖాళీ గది ఉంటే అంతకంటే మంచి అతుకు దొరకదు.

బూమ్_పోల్
సౌండ్ వైపు నుంచి ఒక మాట. మైక్ ఎందుకు దిగుతుందో తెలియక అందరూ బూమ్ పట్టినవాణ్ణి తిడతారు. నోటికీ మైక్‌కీ దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గదిలో మోత మాత్రం అలాగే ఉంటుంది. అందుకే ఫ్రేమ్ అంచుకి ఆనుకుని పడతాం. నాలుగైదు నిమిషాల టేక్‌లో చేతులు అలిసి పోల్ కొస తెలియకుండానే కిందికి వాలుతుంది.

టేక్ ముందు మైక్‌ని పైనుంచి మెల్లగా దించుతూ కెమెరా అసిస్టెంట్ "కనబడింది" అనగానే అక్కడినుంచి ఒక జానెడు పైకి తీసి, ఆ ఎత్తుకి గుర్తుగా వెనక గోడ మీద ఏదో ఒకటి చూసుకోవాలి. నటులు కూర్చునే షాట్ అయితే పోల్‌ని స్టాండ్‌కి బిగించేయడమే నయం. "కట్" అనగానే పోల్ దించకుండా మనసులో పది లెక్కపెట్టేదాకా పైనే ఉంచితే సౌండ్‌కి గది నిశ్శబ్దం దొరుకుతుంది, కామేశ్వరి గారు అడిగే ఖాళీ గది బొమ్మా దొరుకుతుంది.

నాగావళి_కెమెరా
Difference పెట్టి చూశాను. నడిమధ్య దూలం నల్లగా ఉంది, కుడి ఎడమ చివర్లలో 4 పిక్సెళ్ల గీత. అంటే ఫోకస్ వల్లే.

అసలు ఫైల్ కూడా చూశాను. అవ్వ 25లో వెళ్లిపోయాక 27 నుంచి ఖాళీ గది ఉంది, మబ్బు వెలుతురే, ఫోకస్ మొహం మీదే ఉండిపోయింది. కానీ 30 దాటగానే "కట్" వినబడి మైక్ మళ్లీ కిందికి దిగిపోయింది! అంటే మూడే సెకన్లు, 75 ఫ్రేములు. దాంతో ఏం చేయగలం?

కామేశ్వరి_విజయనగరం
మూడు సెకన్లు చాలు. నీకిప్పుడు రెండు అతుకులున్నాయి. ఎండ ముక్క 2 నుంచి 12 దాకా, మబ్బు ముక్క 27 నుంచి 30 దాకా. మైక్ ఉన్న తొమ్మిది సెకన్లలో మొదటి నాలుగూ ఎండ, తర్వాతి ఐదూ మబ్బు. రెండింటినీ మాస్క్ లేకుండా ముందు ఒకే పొరగా తయారుచేసుకో.

V2లో 14 నుంచి 18 వరకు ఎండ ముక్క. దాని Zoom ఒక్కటే మార్చాలి. మధ్యనుంచి చివరికి 1920 పిక్సెళ్లు, తేడా 4, కాబట్టి 0.002. Difference లో చూస్తూ 1.002 పెట్టు, గీత ఇంకా లావైతే అటువైపు కాదు, 0.998 పెట్టాలి. అప్పుడు బొమ్మ అంచు పక్కల 4 పిక్సెళ్లు, పైన 2 పిక్సెళ్లు లోపలికి వస్తుంది, పైన ఆ సన్నటి గీత కనబడకుండా కొంచెం చూసుకో.

18 నుంచి 23 వరకు మబ్బు ముక్కని రెండుసార్లు వరసగా పెట్టు. ఆరు సెకన్లొస్తుంది, ఐదు చాలు. రెండు కాపీల మధ్య నేరుగా కట్ ఉంచు, డిజాల్వ్ వద్దు. వెలుతురు మారని సున్నం గోడ మీద కట్ కనబడదు. డిజాల్వ్ పెడితే రెండు గ్రెయిన్‌లు కలిసి ఆ కాసేపూ గోడ నునుపై, ఊపిరి పీల్చినట్టు తెలుస్తుంది.

ఎండకీ మబ్బుకీ మధ్య మాత్రం డిజాల్వ్ పెట్టు, 25 ఫ్రేములు. గది మసకబారడానికి పట్టిన సెకనూ ఇదే కదా. కింద అసలు బొమ్మలో వెలుతురు ఎప్పుడు తగ్గడం మొదలైందో, ఎప్పుడు ఆగిందో ఫ్రేమ్‌లు గుర్తుపెట్టుకుని డిజాల్వ్ సరిగ్గా ఆ రెండింటి మధ్యకి జరుపు. Gain కి కీఫ్రేములు పెట్టి వెంటపడే పని తప్పుతుంది.

అన్నీ కలిపి కాంపౌండ్ క్లిప్ చెయ్యి. కలర్ పేజీకి వెళ్లి Add Alpha Output, పెన్‌తో కర్వ్ విండో గీసి, ఆ నోడ్ నీలం చుక్కని ఆల్ఫాకి కలుపు. విండో మైక్ చుట్టూ, పోల్ చుట్టూ, కొంచెం ఎడంతో. పై అంచుని ఫ్రేమ్ బయటికి లాగు, లేకపోతే మెత్తదనం వల్ల పైన మైక్ లీలగా మిగులుతుంది. నీడకి విడిగా ఇంకో విండో గీయి, అది 18 దాకా ఉంటే చాలు. రెండూ కలిపి ఒకే పెద్ద విండో గీయకు. అద్దం పెంకు వెలుగు గోడ మీద పడ్డచోటు మధ్యలో ఉంది. ఆ వెలుగు గోడంత నెమ్మదిగా మసకబారదు, తటాలున పోతుంది. దాన్ని అతుకులోకి తేకపోతే దాని గొడవే ఉండదు.

ఇదంతా అయ్యాక పైదీ కిందిదీ కలిపి ఇంకో కాంపౌండ్ చేసి దానిమీదే గ్రేడ్ చెయ్యి. రెండు పొరలకీ వేరువేరుగా రంగు మారిస్తే అంచులు బయటపడతాయి.

కట్టింగ్_టేబుల్
డిజాల్వ్‌తో మబ్బుని పట్టడం నాకు తట్టలేదు. బాగుంది. కానీ నాదో సందేహం. 22 నుంచి 23 దాకా అవ్వ లేస్తుంటే తల ఆ విండోలోకి వస్తుంది కదా. ఖాళీ గది ముక్క తల మీద పడితే తల మాయమవుతుంది.

కామేశ్వరి_విజయనగరం
సరైన ప్రశ్న. ఆ 25 ఫ్రేముల్లోనే అసలు శ్రమంతా. బూమ్ పట్టినవాడు ఆవిడతోపాటే పోల్ లేపాడు కాబట్టి చాలా ఫ్రేముల్లో జుట్టుకీ మైక్‌కీ మధ్య ఖాళీ ఉండాలి. విండో కింది అంచు ఆ ఖాళీలోంచి నడవాలి. మూడు నాలుగు ఫ్రేములకి ఒకసారి కీఫ్రేమ్ పెట్టి, మధ్యవి చూసుకుంటూ సరిచెయ్యి. అక్కడ మెత్తదనం ఆ ఖాళీ కంటే తక్కువ ఉండాలి. 40 లైన్ల ఖాళీలో 60 లైన్ల మెత్తదనం పెడితే ఆవిడ నెత్తి మీద జుట్టు పొగలా అయిపోతుంది. విండో మొత్తానికి మెత్తదనం తగ్గించకుండా, 22 దగ్గర క్లిప్ కోసి ఆ సెకనుకి వేరే విండో పెట్టుకో.

తీరం_టాకీస్
నాదీ ఇదే తలనొప్పి, అందుకే అడుగుతున్నా. కళింగపట్నం బీచ్‌లో చేతిలో కెమెరా పట్టుకుని తీసిన షాట్. మైక్ ఆకాశంలో దిగింది, డెడ్ క్యాట్ తొడిగి ఉంది కాబట్టి అంచంతా బొచ్చు. కెమెరా ఊగుతోంది, ఖాళీ ముక్క అంటూ ఏమీ లేదు. ట్రాక్ చేసి స్టెబిలైజ్ చేసి అతికించి మళ్లీ ఊపు తిరిగి పెట్టాలా?

కామేశ్వరి_విజయనగరం
గోడో ఇల్లో వెనక ఉంటే అలాగే చెప్పేదాన్ని. ఒట్టి ఆకాశమైతే అంత అక్కర్లేదు. అదే క్లిప్ కాపీని V2లో సరిగ్గా అదే ఫ్రేమ్ మీద పెట్టి అడ్డంగా ఒక 400 పిక్సెళ్లు జరుపు. మైక్ ఉన్నచోటికి పక్కన ఉన్న ఆకాశం వస్తుంది. అదే ఫ్రేమ్ కాబట్టి వెలుతురూ గ్రెయినూ అవే. జరపడం అడ్డంగానే, నిలువుగా వద్దు. సముద్రం దగ్గర ఆకాశం తెల్లగా, పైకి పోయేకొద్దీ నీలంగా ఉంటుంది. కిందినుంచి తెస్తే తెల్లటి మచ్చ పడుతుంది. మైక్ మరీ మూలన ఉంటే, అక్కడ లెన్స్ వల్ల కాస్త చీకటి ఉంటుంది. అప్పుడు కాపీని అడ్డంగా తిప్పి అవతలి మూలని తెచ్చి చూడు, సూర్యుడు ఒక పక్కకి లేకపోతే కలుస్తుంది.

ట్రాక్ చేయాల్సింది విండోని మాత్రమే, అదీ మైక్ వెంట. బొచ్చు అంచుకి దగ్గరగా గీయకు, దూరంగా, చాలా మెత్తగా గీయి. ఆకాశంలో మెత్తదనం ఎంతున్నా నష్టం లేదు.

తీరం_టాకీస్
ఆకాశం వరకు అయిపోయింది, నిజంగానే కనబడట్లేదు. కానీ పాన్ చివర్లో లైట్‌హౌస్ మైక్ వెనకనుంచి దాటుతుంది. 11 ఫ్రేములు. అక్కడ పక్క ఆకాశం పెడితే లైట్‌హౌస్ పైభాగం పోతోంది.

కామేశ్వరి_విజయనగరం
ఆ 11 ఫ్రేములకి లైట్‌హౌస్ పైభాగం మైక్ లేకుండా స్పష్టంగా ఉన్న ఒక ఫ్రేమ్ కావాలి. మైక్‌ని దాటిన వెంటనే ఉన్నదైతే మంచిది. దాన్ని ఫ్యూజన్‌లో లైట్‌హౌస్ కింది భాగం మీద ట్రాకర్ పెట్టి అతికించాలి. పాన్ వేగంగా ఉంటే ఒక్కో ఫ్రేమ్‌లో అడ్డంగా చెదురుతుంది కాబట్టి స్టిల్ పదునుగా కనబడి దొరికిపోతుంది. ఆ చెదురుని చేత్తో కలపాలి. ఎంత వేగమో చూడకుండా కుదురుతుందని మాటివ్వలేను.

నాగావళి_కెమెరా
నా షాట్ సంగతి. 14 నుంచి 22 దాకా శుభ్రంగా అయిపోయింది. నీడకి రెండో విండో పెట్టాక గోడ మీద ఏమీ లేదు. డిజాల్వ్ మొదట 25 ఫ్రేములు పెడితే దూలం దగ్గర ఒక్క క్షణం వెలుగు ముందే తగ్గినట్టనిపించింది. స్కోప్ చూస్తే గది మసకబారడానికి అసలు పట్టింది 31 ఫ్రేములు. 31 పెట్టాక కలిసిపోయింది.

22 తర్వాత ఇరవై మూడు ఫ్రేములు కర్వ్ విండోతో వచ్చాయి. 22 సెకన్ల 9వ, 10వ ఫ్రేములు మాత్రం రాలేదు. ఆ రెండింట్లో ఫోమ్ మూతి జుట్టు ముందుకే వచ్చేసింది, ముడి పైభాగం మూసుకుపోయింది. అక్కడ ఖాళీ లేదు.

కట్టింగ్_టేబుల్
అక్కడ కట్ చేసేయండి. వాలుగ చేప దవడతో దూది ఏకే క్లోజప్ ఉందన్నారుగా మీ పాత పోస్ట్‌లో. 22 దగ్గర దానికి వెళ్లి, ఆవిడ నిలబడ్డాక తిరిగి రండి. పొందూరు దూది పని తెలియనివాళ్లకి అది ఎలాగూ చూపించాలి.

నాగావళి_కెమెరా
దర్శకుడు ఒప్పుకోవట్లేదు. ఆవిడ లేవడం తెగకుండా కనబడాలంటున్నాడు. మాట ఆపి, రాట్నం మీద చెయ్యి ఒకసారి ఆన్చి లేస్తుంది. దాన్ని మధ్యలో కోయకూడదని పట్టుబట్టాడు.

కామేశ్వరి_విజయనగరం
ఆయన మాట సబబే. రెండు ఫ్రేములే కదా, ఫ్యూజన్‌లో Paint పెట్టి చేత్తో చెయ్యి. 11వ ఫ్రేమ్‌లో ముడి పూర్తిగా కనబడుతుంటే దాన్ని 10వ ఫ్రేమ్‌కి తెచ్చి, ఆవిడ ఎంత లేచిందో అంత కిందికి జరిపి, ముడి వరకే అతికించు. 9వ దానికి 8వ ఫ్రేమ్ వాడు, అది పైకి జరపాలి. రెండింటికీ ఒకే వైపునుంచి తేకు. లేచే కదలికలో తల వాలు మారుతుంటుంది, దగ్గరి ఫ్రేమ్‌దే కలుస్తుంది.

క్లోన్ బ్రష్‌తో గోడని జుట్టు మీదికి పాముకుంటూ పోవద్దు. తెల్లజుట్టు విడివిడి పోగుల వెనక సున్నం గోడ ఉన్నచోట బ్రష్ అంచు మొద్దుగా పడుతుంది, ఒక ఫ్రేమ్ ఆగి చూస్తే బాగానే ఉంటుంది కానీ నడిపిస్తే తలమీద ఏదో మిణుక్కుమంటుంది. చేశాక 22 చుట్టూ అటూ ఇటూ పది ఫ్రేములు లూప్‌లో పెట్టి, సగం వేగంలో కాదు, మామూలు వేగంలోనే చూడు.

బూమ్_పోల్
నాదొక అభ్యంతరం. పక్కన టీవీ ఉంటే దానికి కలిపి చూడండి, లాప్‌టాప్ కిటికీలో కాదు. చాలా టీవీలు మధ్య ఫ్రేములు వాటంతటవే పుట్టించి చూపిస్తాయి. ఆ మోషన్ సెట్టింగ్ ఆపకుండా చూస్తే మిణుకు మీ అతుకుదో టీవీదో తెలియదు.

నాగావళి_కెమెరా
10వ ఫ్రేమ్ కలిసింది. 11వ దాన్ని 14 పిక్సెళ్లు కిందికి జరపాల్సి వచ్చింది. 9వ ఫ్రేమ్ మాత్రం ఇంకా తేడాగా ఉంది. 8వ ఫ్రేమ్‌లో ఆవిడ తల ఇంకా కొంచెం ముందుకు వంగి ఉంది, ముడి ఆకారమే వేరు. ఆ ఒక్క ఫ్రేమ్‌కి 10వ దాన్నే మళ్లీ వాడి చూడనా, లేక 8వ దాన్ని కాస్త తిప్పి పెట్టాలా?

కామేశ్వరి_విజయనగరం
ముందు తిప్పి చూడు, ఒకటి రెండు డిగ్రీలు మించకుండా. అప్పటికీ ముడి కింది భాగం కలవకపోతే 9, 10 స్టిల్స్ రెండూ ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను.